కిలో సున్నపురాయిని కాలిస్తే ఎన్ని లీటర్ల వాయువు?

పల్నాడులో పిడుగురాళ్ల పేరు చెబితే ముందుగా గుర్తొచ్చేది సున్నం. ఆ చుట్టుపక్కల నేల కింద సున్నపురాయి పొరలు పుష్కలంగా ఉండటంతో ఊరు బట్టీలకు నెలవైంది. బట్టీ పైనుంచి రాయి, బొగ్గు కలిపి వేస్తారు. మధ్యలో అది కణకణలాడుతూ కాలుతుంది. కిందినుంచి కాలిన సున్నాన్ని తోడుకుంటారు. లోపలికి పోయిన రాయి తూకాన్ని, బయటికి వచ్చిన సున్నం తూకాన్ని పక్కపక్కన రాసి చూస్తే పెద్ద తేడా కనిపిస్తుంది. మంచి రాయి వంద కిలోలు వేస్తే చేతికొచ్చేది అరవై కిలోలు కూడా ఉండదు.

మిగతా నలభై పైచిలుకు కిలోలు కార్బన్ డయాక్సైడ్ అయి పైకి పోయాయి. అది ఏ రోజుకైనా, ఏ ఊళ్లోనైనా లెక్కకు దొరికే సంగతే. కానీ ఆ వాయువు ఎన్ని లీటర్లు అని అడిగితే మాత్రం సమాధానం ఒక్కటి కాదు. శీతల దేశంలో ఒక మాట, పల్నాడు ఎండలో ఒక మాట, బట్టీ లోపల ఇంకో మాట. మూడూ సరైనవే. ఇంటర్ మొదటి ఏడాదిలో లక్షలమంది పిల్లలు ‘22.4’ అనే అంకెను బట్టీపట్టి ఈ లెక్క చేస్తారు. ఆ అంకె వెనుక ఏముందో తెలిస్తే లెక్క ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ తప్పుతుందో కూడా తెలుస్తుంది.

ముందు రాయి సంగతి. సున్నపురాయిలో ప్రధానంగా ఉండేది కాల్షియం కార్బొనేట్. గట్టిగా వేడిచేస్తే అది రెండుగా విడిపోతుంది.

CaCO3 → CaO + CO2

ఒక పాలు కార్బొనేట్ నుంచి ఒక పాలు పొడిసున్నం, ఒక పాలు కార్బన్ డయాక్సైడ్ వస్తాయని ఈ సమీకరణం చెబుతోంది. ఇక్కడ ‘పాలు’ అంటే గ్రాములు కావు, కణాల లెక్క. కణాలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టలేం కాబట్టి రసాయన శాస్త్రవేత్తలు మోల్ అనే కొలత పెట్టుకున్నారు. డజను అంటే పన్నెండు అయినట్టు, మోల్ అంటే ఒక స్థిరమైన, చాలా పెద్ద సంఖ్య. ఒక మోల్ కాల్షియం కార్బొనేట్ 100 గ్రాములు తూగుతుంది. ఒక మోల్ పొడిసున్నం 56 గ్రాములు, ఒక మోల్ కార్బన్ డయాక్సైడ్ 44 గ్రాములు. యాభై ఆరూ నలభై నాలుగూ కలిపితే వంద. బట్టీ దగ్గర తూకంలో కనిపించిన తేడా ఇదే. రాయి మొత్తం శుద్ధమైన కార్బొనేటే అయితే వంద కిలోలకు సరిగ్గా 44 కిలోలు వాయువుగా పోతాయి.

ఆ ఒకటికి ఒకటి అన్న నిష్పత్తి కాల్షియం కార్బొనేట్‌ది. దాన్ని అన్నింటికీ అంటగట్టకూడదు. వంటింట్లో ఉండే తినే సోడాను వేడిచేస్తే రెండు మోల్‌ల సోడాకు ఒక్క మోల్ వాయువే వస్తుంది. మిగతాది నీటి ఆవిరిగా, చాకలి సోడాగా మారుతుంది. అంటే 168 గ్రాముల తినే సోడా నుంచి 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ మాత్రమే. ఇక అలా మిగిలిన చాకలి సోడా కూడా కార్బొనేటే, కానీ దాన్ని మామూలు మంట మీద ఎంత వేడిచేసినా వాయువు రాదు. 851 డిగ్రీల దగ్గర అది కరుగుతుంది తప్ప విడిపోదు. పేరులో కార్బొనేట్ ఉందని లెక్క మొదలుపెట్టే విద్యార్థి ముందు సమీకరణం రాసుకోవాలి. తప్పుల్లో సగం అక్కడే పుడతాయి.

రాయిని కాలిస్తే ఏదో వాయువు పోతుందని తూకంతో తేల్చినవాడు జోసెఫ్ బ్లాక్. స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో వైద్యం చదువుతూ, మూత్రాశయంలో రాళ్లకు మందు వెతికే పనిలో మెగ్నీషియం కార్బొనేట్‌ను పట్టుకున్నాడు. దాన్ని కాల్చితే బరువు బాగా తగ్గింది. పోయింది నీరేమో అనుకుని ఆవిరిని చల్లబరచి పట్టి చూస్తే దొరికిన నీరు చాలా తక్కువ. కాల్చకముందు యాసిడ్ పోస్తే బుసబుస పొంగిన పొడి, కాల్చాక పొంగలేదు. పోయిన బరువూ, యాసిడ్‌లో పొంగిన వాయువూ ఒక్కటేనని అతనికి అర్థమైంది. 1754లో దాన్ని డాక్టరేట్ కోసం రాసి, 1756లో సున్నపురాయి మీద ప్రయోగాలను కూడా చేర్చి విపులంగా ప్రచురించాడు. బ్లాక్ చేతిలో ఉన్న ముఖ్యమైన పరికరం త్రాసు. వాయువును లీటర్లలో కొలవకుండానే అది ఎంత పోయిందో చెప్పగలిగాడు. ఈనాటికీ సిమెంటు ఫ్యాక్టరీ ప్రయోగశాలలో చేసేది అదే పని.

తూకం నుంచి లీటర్లకు వెళ్లడానికి మరో అర్ధశతాబ్దం పట్టింది. వాయువులు కలిసేటప్పుడు వాటి ఘనపరిమాణాలు చిన్నచిన్న పూర్ణసంఖ్యల నిష్పత్తిలో ఉంటాయని 1808లో ఫ్రాన్సుకు చెందిన గే-లుసాక్ చూపించాడు. ఒకే ఉష్ణోగ్రత, ఒకే పీడనంలో ఉన్న వాయువు ఏదైనా, సమాన ఘనపరిమాణంలో సమాన సంఖ్యలో అణువులు ఉంటాయని 1811లో ఇటలీకి చెందిన అవగాడ్రో ప్రతిపాదించాడు. అణువు పెద్దదా చిన్నదా అన్నదానితో దాదాపు పనిలేదు. ఎందుకంటే వాయువులో అణువుల మధ్య ఖాళీయే ఎక్కువ, అణువు ఆక్రమించే చోటు చాలా తక్కువ. అందుకే ఒక మోల్ హైడ్రోజన్‌కూ, దానికన్నా ఇరవై రెండు రెట్లు బరువైన ఒక మోల్ కార్బన్ డయాక్సైడ్‌కూ దాదాపు ఒకే పరిమాణం ఉన్న సంచి సరిపోతుంది.

ఆ సంచి ఎంత పెద్దది? సున్నా డిగ్రీల సెల్సియస్, సముద్రమట్టం దగ్గరి వాతావరణ పీడనం అయితే 22.4 లీటర్లు. పాఠ్యపుస్తకం అంకె ఇదే. ఇందులో ‘అయితే’ అన్న మాటే కీలకం.

ఇప్పుడు కిలో రాయిని తీసుకుని లెక్క చేద్దాం. అందులో 95 శాతం కాల్షియం కార్బొనేట్, మిగతా 5 శాతం మట్టి, ఇసుక అనుకుందాం. కార్బొనేట్ 950 గ్రాములు, అంటే 9.5 మోల్‌లు. వచ్చే వాయువూ 9.5 మోల్‌లే, తూకంలో 418 గ్రాములు. ఇంతవరకూ ఊరు, రుతువు ఏదైనా మార్పు లేదు. సున్నా డిగ్రీల దగ్గర దాన్ని పట్టి ఉంచితే 9.5ను 22.4తో హెచ్చవేయాలి. వచ్చేది 213 లీటర్లు.

పల్నాడులో వాతావరణం సున్నా డిగ్రీలకు ఎప్పుడూ దిగదు. మామూలు పగటిపూట 35 డిగ్రీలు అనుకుంటే వాయువు వ్యాకోచిస్తుంది. ఇక్కడ 35ను నేరుగా వాడకూడదు, 273 కలిపి కెల్విన్‌లోకి మార్చాలి. అంటే 308. దాన్ని 273తో భాగించి 22.4తో హెచ్చిస్తే మోల్‌కు సుమారు 25.3 లీటర్లు. అప్పుడు మన కిలో రాయి వాయువు 240 లీటర్లు. అదే వాయువును హైదరాబాద్‌లో అదే 35 డిగ్రీల దగ్గర కొలిస్తే ఇంకాస్త ఎక్కువ వస్తుంది. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉంది కాబట్టి అక్కడ గాలి పీడనం సుమారు 6 శాతం తక్కువ. పీడనం తగ్గితే వాయువు విస్తరిస్తుంది, లెక్క 256 లీటర్ల దాకా వెళ్తుంది. ఇక బట్టీ లోపల 900 డిగ్రీల వేడిలో, రాయిలోంచి అప్పుడే బయటపడిన క్షణంలో ఆ వాయువు పరిమాణం 915 లీటర్లు. చిమ్నీలో పైకి పోతూ చల్లబడేకొద్దీ ముడుచుకుంటుంది.

213, 240, 256, 915. నాలుగుచోట్లా ఉన్నది 418 గ్రాముల వాయువే. ఉష్ణోగ్రత, పీడనం చెప్పకుండా వాయువు ఘనపరిమాణం మాత్రమే చెబితే అది సగం మాట.

పిల్లల్ని తికమకపెట్టే మరో విషయం కూడా ఇక్కడే ఉంది. కొన్ని పుస్తకాల్లో 22.4 ఉంటే ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో 22.7 లీటర్లు కనిపిస్తుంది. ఏదీ అచ్చుతప్పు కాదు. రసాయన శాస్త్రవేత్తల అంతర్జాతీయ సంస్థ ఐయూపీఏసీ 1982లో ప్రామాణిక పీడనాన్ని ఒక అట్మాస్ఫియర్ నుంచి ఒక బార్‌కు మార్చింది. బార్ అంటే అట్మాస్ఫియర్ కంటే కొంచెం తక్కువ. పీడనం కాస్త తగ్గింది కాబట్టి మోల్ వాయువు కాస్త పెరిగింది. పరీక్షలో ప్రశ్న ఏ పీడనం ఇచ్చిందో చూసుకుని దానికి తగిన అంకె వాడాలి.

లెక్క కాగితం మీద తేలికే. అసలు కష్టం రాయిలో ఉంది. ‘95 శాతం అనుకుందాం’ అని మనం ఎంత సులువుగా అన్నామో, నిజంగా అది తొంభై ఐదో ఎనభై ఐదో తేల్చడానికి సిమెంటు, సున్నం ప్రయోగశాలల్లో రోజూ ఒక పరీక్ష చేస్తారు. దాన్ని ఎల్‌ఓఐ అంటారు, కాలిస్తే తగ్గే తూకం అని అర్థం. రాయిని మెత్తగా పొడిచేసి, 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, అందులోంచి ఒక గ్రాము ప్లాటినం క్రూసిబుల్‌లో వేసి తూస్తారు. తర్వాత ఫర్నేస్‌లో 950 డిగ్రీలకు పైగా వేడిచేస్తారు. బయటికి తీశాక గాలి తగలకుండా డెసికేటర్‌లో చల్లార్చి మళ్లీ తూస్తారు. ఇంకోసారి కాల్చి మళ్లీ తూస్తారు. రెండు తూకాలూ ఒక్కటయ్యేదాకా ఇది సాగుతుంది. తూకం నిలకడగా వచ్చిందంటే పోవాల్సిన వాయువంతా పోయిందని అర్థం.

ఒక గ్రాముకు 0.418 గ్రాములు తగ్గిందనుకుందాం. దాన్ని 44తో భాగిస్తే 0.0095 మోల్‌లు. ప్రయోగశాలలో 30 డిగ్రీలు ఉంటే మోల్‌కు 24.9 లీటర్ల చొప్పున సుమారు 237 మిల్లీలీటర్ల వాయువు. వాయువును ఎవరూ పట్టలేదు, కొలవలేదు, అయినా దాని పరిమాణం తేలింది. శుద్ధమైన రాయి అయితే 0.440 తగ్గాలి. 0.418ను 0.440తో భాగిస్తే 0.95. రాయి స్వచ్ఛతా తేలింది.

ఈ చిన్న పనిలో పొరపాటు జరగడానికి చాలా దారులున్నాయి. మొదటిది తేమ. పొడిని ఆరబెట్టకుండా నేరుగా కాల్చారనుకోండి, అందులో ఒక శాతం తేమ ఉందనుకోండి. ఆ తేమ కూడా ఆవిరై తూకం తగ్గిస్తుంది. తగ్గుదల 0.418కి బదులు 0.424 అవుతుంది, రాయి 96 శాతం పైగా స్వచ్ఛమైనదని కాగితం మీద కనిపిస్తుంది. తేమ ఎక్కువున్న రాయి మంచి రాయిగా చలామణి అవుతుందన్నమాట. ఆరబెట్టినా వదలని నీరు మరొకటి ఉంది. రాయిలో కలిసిన బంకమట్టి తన నిర్మాణంలోనే నీటిని దాచుకుంటుంది, అది 500 డిగ్రీలు దాటాక గానీ బయటపడదు. అందుకే జాగ్రత్తగల రసాయన నిపుణులు ముందు 550 డిగ్రీల దగ్గర కాల్చి ఒకసారి తూచి, తర్వాత 950కి వెళ్తారు. రెండో మెట్టులో తగ్గినదాన్నే కార్బన్ డయాక్సైడ్‌గా లెక్కిస్తారు.

తగ్గుదల 44 శాతం దాటితే? ఆరబెట్టడంలో లోపం లేకపోతే, రాయిలో మెగ్నీషియం ఉందేమోనని అనుమానించాలి. మెగ్నీషియం పరమాణువు కాల్షియం కంటే తేలిక, కాబట్టి మెగ్నీషియం కార్బొనేట్ వంద గ్రాముల్లో 52 గ్రాములు వాయువే. కాల్షియం, మెగ్నీషియం రెండూ సమంగా ఉండే డోలమైట్‌లో అది దాదాపు 48 శాతం. ‘స్వచ్ఛత 105 శాతం’ అని లెక్క తేలితే త్రాసును తప్పుపట్టనక్కర్లేదు, రాయిని మళ్లీ పరీక్షించాలి.

తగ్గుదల తక్కువ చూపించే పొరపాటు వేరే ఉంది. కాలిన పొడిసున్నాన్ని బల్ల మీద కాసేపు వదిలేస్తే అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తర్వాత మెల్లగా కార్బన్ డయాక్సైడ్‌ను కూడా తిరిగి పట్టుకుంటుంది. బరువు పెరుగుతుంది. కోస్తా వర్షాకాలంలో ఇది మరీ త్వరగా జరుగుతుంది. ఇంట్లో గోడకు సున్నం కొట్టినప్పుడు జరిగేది కూడా ఇదే. తడిసున్నం గోడ మీద గట్టిపడటం అంటే నీరు ఆరిపోవడం మాత్రమే కాదు, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకుని మళ్లీ కాల్షియం కార్బొనేట్‌గా మారడం. బట్టీలో ఒక మోల్ సున్నం ఎంత వాయువును వదిలిందో, పూర్తిగా గట్టిపడేసరికి గోడ మీద అంతే వాయువును తిరిగి తీసుకుంటుంది.

అంత చుట్టుతిరుగుడు ఎందుకు, వచ్చిన వాయువును నేరుగా నీళ్ల మీద జాడీలో పట్టి కొలవచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. ఆక్సిజన్‌కు అది బాగా పనిచేస్తుంది. కార్బన్ డయాక్సైడ్‌కు పనిచేయదు, ఎందుకంటే 30 డిగ్రీల దగ్గర కూడా ఒక లీటరు నీరు అర లీటరుకు పైగా ఈ వాయువును కరిగించుకోగలదు. సోడా సీసాలో జరిగేది ఆ కరగడమే. పైగా జాడీలో చేరిన వాయువులో నీటి ఆవిరి కూడా కలుస్తుంది. 30 డిగ్రీల దగ్గర ఆ ఆవిరి పీడనం 32 మిల్లీమీటర్ల పాదరసం, అంటే మొత్తంలో దాదాపు 4 శాతం. ఒక తప్పు కొలతను తగ్గిస్తుంది, ఇంకొకటి పెంచుతుంది. రెండూ కలిసి ఎంత తప్పాయో చెప్పడం కష్టం. వాయువునే పట్టాలనుకుంటే పొడిగా ఉన్న గ్యాస్ సిరంజిలోకి పంపడం మేలు. అప్పుడైనా సిరంజి గది వేడికి చల్లారేదాకా ఆగి చదవాలి. తొందరపడితే వేడి వాయువు పరిమాణాన్ని చల్లటి వాయువు పరిమాణంగా రాసుకున్నట్టవుతుంది.

పుస్తకంలోని లెక్కలన్నీ ఒక విషయాన్ని చెప్పకుండానే ఒప్పుకుంటాయి, కార్బొనేట్ మొత్తం విడిపోయిందని. అది ప్రతిసారీ నిజం కాదు. కాల్షియం కార్బొనేట్ విడిపోవడం రెండు వైపులా నడిచే దారి. చుట్టూ కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటే అది మళ్లీ సున్నంలోకి చేరి రాయిగా మారుతుంది. ప్రతి ఉష్ణోగ్రతకూ ఒక హద్దు పీడనం ఉంటుంది, వాయువు ఆ పీడనాన్ని చేరగానే విడిపోవడం ఆగినట్టే. 800 డిగ్రీల దగ్గర ఆ హద్దు 0.22 అట్మాస్ఫియర్. 900 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి అది ఒక అట్మాస్ఫియర్ అవుతుంది. బట్టీల వేడి 900 దాటాలని అనడానికి కారణం ఇదే. అక్కడ బయటపడే వాయువు బయటి గాలి పీడనాన్ని తోసుకుని తనంతట తానే పైకి పోగలదు.

ఒక చిన్న ఉదాహరణ చూస్తే ఈ హద్దు ఎంత గట్టిదో తెలుస్తుంది. గాలి తీసేసిన 10 లీటర్ల గట్టి పాత్రలో 10 గ్రాముల శుద్ధ కార్బొనేట్ వేసి, మూతబిగించి 800 డిగ్రీలకు వేడిచేద్దాం. పాత లెక్క ప్రకారం 0.1 మోల్ వాయువు, అంటే సున్నా డిగ్రీల దగ్గర 2.24 లీటర్లు రావాలి. కానీ పాత్రలో పీడనం 0.22 అట్మాస్ఫియర్ దాటదు. ఆ పీడనంలో, ఆ వేడిలో 10 లీటర్లలో పట్టే వాయువు 0.025 మోల్ మాత్రమే. నాలుగో వంతు రాయి విడిపోయి, ముప్పావు వంతు అలాగే కూర్చుంటుంది. ఎన్ని గంటలు కాల్చినా అంతే. మూత తీసి వాయువును పోనిస్తే మిగతాది కూడా విడిపోతుంది.

బట్టీలోనూ ఇలాంటిదే మరో రూపంలో జరుగుతుంది. పెద్ద బండ వేస్తే పై పొర కాలి సున్నమవుతుంది, ఆ సున్నం పొర వేడిని లోపలికి సులువుగా పోనివ్వదు. పైనుంచి చూస్తే తెల్లగా కాలినట్టే ఉంటుంది. పగలగొడితే మధ్యలో గట్టి రాయి మిగిలి ఉంటుంది. అలాంటి ముక్క మీద కొంచెం పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్ వేస్తే బుసబుస పొంగుతుంది. పొంగడం అంటే అందులో ఇంకా కార్బొనేట్ ఉన్నట్టు, అంటే వాయువు పూర్తిగా పోనట్టు. బ్లాక్ 1754లో వాడిన గుర్తే ఇప్పటికీ చాలుతుంది. రాళ్లను ఒకే పరిమాణంలో పగలగొట్టి వేయడం వెనుక ఉన్న కారణం ఇదే.

ఇక చిమ్నీలోంచి పోయే పొగలో ఎంత కార్బన్ డయాక్సైడ్ ఉందంటే, రాయి లెక్క ఒక్కటే సరిపోదు. బొగ్గు కాలినా అదే వాయువు వస్తుంది. ఒక మోల్ కార్బొనేట్‌ను విడగొట్టడానికి 178 కిలోజౌళ్ల వేడి కావాలి. ఒక మోల్ కార్బన్ పూర్తిగా కాలితే 393 కిలోజౌళ్లు వస్తాయి. వేడి ఏమాత్రం వృథా కాలేదనుకుంటే ఒక టన్ను శుద్ధమైన రాయికి, అంటే 10,000 మోల్‌లకు, సుమారు 4,500 మోల్‌ల కార్బన్ కావాలి. అది 54 కిలోలు. అంటే రాయి ఇచ్చే 10,000 మోల్‌ల వాయువుకు బొగ్గు ఇంకో 4,500 మోల్‌లు చేరుస్తుంది. ఆ బొగ్గు కాలడానికి కావాల్సిన గాలితో పాటు 17,000 మోల్‌ల నైట్రోజన్ లోపలికి వస్తుంది. మొత్తం పొగలో కార్బన్ డయాక్సైడ్ 46 శాతం. గాలితో బొగ్గు కాల్చే ఇలాంటి బట్టీలో ఇంతకుమించి రాదు. నిజమైన బట్టీలో గోడల గుండా వేడి పోతుంది, గాలి అవసరానికి మించి వెళ్తుంది, బొగ్గు ఎక్కువ పడుతుంది. బాగా నడిచే కోక్ బట్టీల్లో ఇది దాదాపు 40 శాతం ఉంటుంది.

ఈ వాయువు కొన్నిచోట్ల పారేసేది కాదు, సరుకు. గుజరాత్‌లోని మిఠాపూర్‌లో టాటా కెమికల్స్ వారు ఉప్పునీటి నుంచి చాకలి సోడా తయారుచేసే సాల్వే పద్ధతిలో సున్నపురాయిని కాల్చి, సున్నంతో పాటు వాయువునూ వాడుకుంటారు. అలాంటి చోట కిలో రాయికి ఎన్ని లీటర్ల వాయువు, ఎంత శాతం చిక్కదనం అన్నది రోజూ చూసుకోవాల్సిన అంకె. రాయి స్వచ్ఛత పడిపోయినా, బట్టీలోకి గాలి ఎక్కువైనా ముందు తెలిసేది వాయువు కొలత దగ్గరే.

బట్టీ పక్కన పనిచేసేవారికి మాత్రం ఈ లెక్క ప్రాణానికి సంబంధించినది. కార్బన్ డయాక్సైడ్ గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు. చల్లారాక అది పైకి పోకుండా గుంటల్లో, పల్లంలో పేరుకుంటుంది. రంగు లేదు, వాసన లేదు. గాలిలో 4 శాతం ఉంటే తక్షణ ప్రాణాపాయ స్థాయి అని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క. పన్నెండు అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తున్న గదిలో సుమారు 40,800 లీటర్ల గాలి పడుతుంది. అందులో 4 శాతం 1,630 లీటర్లు. మన లెక్క ప్రకారం 35 డిగ్రీల దగ్గర కిలో రాయి 240 లీటర్లు ఇస్తుంది. ఏడు కిలోల కంటే తక్కువ రాయి వదిలిన వాయువు ఆ గదిలోనే ఉండిపోతే చాలు. నేల మీద పడుకున్నవారికి అంత కూడా అక్కర్లేదు, ఎందుకంటే చల్లారిన వాయువు ముందు కింద చేరుతుంది. దానికి తోడు బొగ్గు సరిగా కాలకపోతే వచ్చే కార్బన్ మోనాక్సైడ్ ఇంకా తక్కువ మోతాదులోనే ప్రాణం తీస్తుంది. ఇంగ్లండ్‌లో చలికి సున్నం బట్టీల పక్కన వెచ్చగా పడుకుని తెల్లారేసరికి చనిపోయిన బాటసారుల కథనాలు పాత పత్రికల్లో ఉన్నాయి.

దీపం పెట్టి చూసి, ఆరలేదు కాబట్టి గాలి బాగుందనుకోవడం ప్రమాదం. 4 శాతం కార్బన్ డయాక్సైడ్ దగ్గర దీపం వెలుగుతూనే ఉంటుంది, కార్బన్ మోనాక్సైడ్ ఉన్న సంగతి అసలు చెప్పదు. బట్టీ కింది గుంటలోకి, సున్నం తీసే సొరంగంలోకి దిగే ముందు గాలి ఆడేలా చేసి, గ్యాస్ మీటరుతో చూసి, పైన ఒక మనిషిని కాపలా ఉంచి దిగాలి. చలికాలం రాత్రుల్లో కూలీలనూ వారి పిల్లలనూ బట్టీని ఆనుకుని పడుకోనివ్వకండి.